చివరి రోజు రుచి

నాగరికతా వికాస చరిత్రలో పెరుగు కప్పు మూత మీది తేదీకి దక్కవలసిన గౌరవం ఇంతవరకూ దక్కలేదు. ఆ లోటు తీర్చడానికి ఒక చిన్న పాల సహకార సంఘపు సేల్స్ మేనేజరు కంకణం కట్టుకుంది. సూపర్‌మార్కెట్ల కొనుగోలు అధికారులకు ఆమె రాసిన లేఖలో ఆ తేదీకే ఒక పేరా కేటాయించింది. మూడు దుకాణాలకు నెలపాటు ట్రయల్‌గా పెరుగు పంపుతామనీ, అమ్ముడుపోని కప్పులు తామే వెనక్కి తీసుకుంటామనీ, సరుకు చేరేసరికి గడువులో మూడింట రెండు వంతులు తప్పక మిగిలి ఉంటుందనీ అందులో ప్రతిజ్ఞ చేసింది. లేఖ వెంట శాంపిల్ కప్పులూ తరలివెళ్లాయి.

ఈ బేరం కుదరకపోతే సాయంత్రం పాలు తీసుకోవడం ఆపేయాలని సంఘం తీర్మానించింది. సాయంత్రం పాలు పోసేవారిలో ఆమె అత్తగారొకరు.

"ఏమ్మా, నీ ఉత్తరానికి ఇంకా కాళ్లు రాలేదా?" అని ఆవిడ రోజూ ఆరా తీస్తూనే ఉంది.

ఎట్టకేలకు ఒక అధికారి ఫోన్ చేశాడు. "మేడమ్, మీ పెరుగు అదిరింది! ఆ పులుపుంది చూశారూ, అచ్చం అలాంటిదే పంపండి."

ఆమె సంబరం ఆ మాట దగ్గరే ఆగింది. కమ్మటి పెరుగుకు పులుపెక్కడిది? పరుగున ప్లాంటుకు వెళ్లి, అందరూ బాబాయి అని పిలిచే ఇన్‌ఛార్జిని నిలదీసింది.

"ఆ రోజు సరుకంతా వ్యానెక్కేసిందమ్మా. నువ్వేమో శాంపిళ్లు కావాలంటూ నెత్తిన కూర్చున్నావు. ఏదైనా ఫిర్యాదొస్తే పరీక్షించడానికి బ్యాచికి రెండేసి దాస్తాం కదా, వాటిలోంచి తీశా."

"వాటి గడువో?"

"మర్నాటితో సరి."

తన పేరాకు సాక్షాత్తూ తన కప్పులే ద్రోహం చేశాయి. అయినా అక్కడ వాటికి నీరాజనం పట్టారు. ఇప్పుడు చివరి రోజు రుచినీ తాజా తేదీనీ ఒకే కప్పులో ఎలా ఇరికించడం?

"తోడుపెట్టాక వెచ్చటి గదిలో ఇంకాసేపు ఉంచుదాం, పులుస్తుంది," అన్నాడు బాబాయి. "కాకపోతే తొందరగా ముదురుతుంది. గడువు తగ్గించాలి."

"గడువు తగ్గితే అందులో రెండు వంతులూ తగ్గుతాయి కదా?"

"తగ్గుతాయి."

"మరి మాట తప్పినట్టా, కాదా?"

"ఉత్తరం రాసింది నువ్వు. నన్నడుగుతావేంటి?"

ఎటూ తేలకపోయినా పులుపు తేలింది. పరీక్షలు ముగించి, పొట్టి గడువు ముద్రించిన కప్పులు మంచుపెట్టెలో పెట్టుకుని ఆమె స్వయంగా ఆ అధికారి గదికి వెళ్లింది. జరిగినదంతా దాచకుండా చెప్పి, శిక్ష కోసం తల వంచుకుంది. ఆయన తేదీ చూసి, తలూపి, మూడు దుకాణాలకూ ట్రయల్ ఆర్డరు సంతకం చేసి ఇచ్చాడు. కప్పు మాత్రం ముట్టుకోలేదు.

"ఒక్క చెంచా రుచి చూడండి సార్! ఆ పులుపు కుదిరిందో లేదో..."

"అయ్యో, నాకు పెరుగు పడదండీ. మొన్న తిన్నది పక్క సీటాయన. మా దుకాణాలకు సబ్బులు కొనే అధికారి."