మంచినీళ్ళు మానేసిన టీచరమ్మ

పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయిన నాటికి టీచరమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించిన నోట మాట ముద్దముద్దగా వచ్చేది. ఆమె కొడుకు బస్సు డ్రైవరు. తల్లిని కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటానని ఆసుపత్రి గుమ్మంలోనే అందరి ముందూ అన్నాడు.

ఆరు నెలలు కోడలే అన్నీ చేసింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, గుడ్డలు మార్చడం, కుర్చీలోకి దించడం. చివరికి ఆమె నడుమే పట్టేసింది. వెన్నుపూస జారిందన్నారు డాక్టరు. బిందె కూడా ఎత్తొద్దన్నారు.

అప్పుడు ఏజెన్సీ నుంచి ఆయాను పెట్టుకున్నారు. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. పెద్దావిడ, నెమ్మదస్తురాలు. టీచరమ్మ కూడా ఆమెతో కుదురుగా ఉండేది. నాలుగు నెలలయ్యాక ఆ ఆయా కూతురి పురిటికని వెళ్ళింది. తర్వాత ఏజెన్సీ వాళ్ళు నెలలో ముగ్గురిని మార్చారు. ఒకామె ఫోను చూస్తూ తిప్పడమే మరిచిపోయింది. టీచరమ్మ నడుము కింద చర్మం ఎర్రగా కందిపోయింది.

మూడో ఆయా చెప్పాపెట్టకుండా మానేసిన రోజు డ్రైవరు సెలవు పెట్టాడు. బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చి, తలుపేసి, తల్లిని తనే శుభ్రం చేశాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. తుడవడమయ్యాక కూడా తెరవలేదు.

"అమ్మా, నొప్పిగా ఉందా?"

ఆమె తల గోడ వైపు తిప్పుకుంది.

మరో ఆయా దొరకలేదు. కొడుకే డ్యూటీ మార్పించుకుని అన్నీ చేస్తున్నాడు. వారం తిరక్కుండానే ఆమెకు చలిజ్వరం వచ్చింది. పొంతన లేకుండా మాట్లాడసాగింది. ఆసుపత్రిలో చేర్చితే మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు.

"నీళ్ళు సరిగా తాగుతున్నారా?" అని అడిగాడు డాక్టరు.

డ్రైవరు తన భార్య ముఖం చూశాడు. ఆమె తల దించుకుంది. "నేనిస్తే తాగినట్టు నటించి, మంచం పక్కన మొక్క కుండీలో పోసేస్తోందండీ. నిన్ననే చూశాను."

జ్వరం తగ్గాక అతను తల్లి మంచం మీద కూర్చున్నాడు. "ఎందుకమ్మా అలా చేశావు?"

ఆమె ఎడమ చేత్తో దుప్పటి అంచు సర్దుకుంది. "నీళ్ళు తాగితే... నువ్వే కడగాలిగా." కాసేపటికి ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "నన్ను ఎక్కడైనా చేర్పించరా. తెలియనివాళ్ళు చేస్తారు. వాళ్ళకు అది పని. నాకూ పరవాలేదు" అంది.

"నేను నీ కడుపున పుట్టినవాణ్ణి కదమ్మా."

"అందుకే."

ఫోనులో ఆ మాట వినగానే అతని అక్క గొంతు పెంచింది. "కన్నతల్లిని ఆశ్రమంలో పడేస్తే నలుగురూ ఏమనుకుంటార్రా?"

"పోనీ, నీ దగ్గరకు తీసుకెళ్ళక్కా."

అక్క గొంతు తగ్గింది. "మా మామగారు కూడా మంచంలోనే ఉన్నారు కదరా" అంది ముక్కు ఎగబీలుస్తూ. ఏడుస్తోందని తెలిసి అతను ఇక కదిలించలేదు.

మొదట వెళ్ళిన వృద్ధాశ్రమం వాళ్ళు, తమ పనులు తాము చేసుకునేవాళ్ళనే తీసుకుంటామన్నారు. రెండోచోట మంచం పట్టినవాళ్ళకు విడిగా గది ఉంది. ఆరుగురికి పగలు ఇద్దరు ఆయాలు, రాత్రికి ఒకరు. డ్రైవరు ఆఫీసులో కూర్చోకుండా ముందు గది చూస్తానన్నాడు. దుప్పట్లు ముట్టుకుని చూశాడు. ఎవరిని ఎప్పుడు ఏ పక్కకు తిప్పారో గోడ మీది కాగితంలో చదివాడు. వాసన లేదు. నెల రోజులు ఉంచి చూడండి, నచ్చకపోతే తీసుకెళ్ళండి అంది నర్సు. ఆమె చూపించిన చోట అతను సంతకం పెట్టాడు.

నెల గడిచింది. నడుము కింద కందిన చర్మం మామూలుగా అయింది. టీచరమ్మ ముఖం తేటపడింది. గ్లాసు అడిగి మరీ తాగుతోందని ఆయా చెబితే అతనికి సంతోషమూ వేసింది, గుండెలో ముల్లూ గుచ్చుకుంది. ఇంటికి తీసుకెళ్ళడానికి ఇక సాకు లేదు.

వారానికి రెండుసార్లు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా వెళ్తాడు. గుడ్డ మార్చే వేళకు ఆయా తెర లాగితే బయట వరండాలో నిలబడతాడు. లోపల తల్లి ఆయాతో ఏదో అంటుంది, ఇద్దరూ నవ్వుతారు. తెర తీశాక అతణ్ణి చూసి దుప్పటి గుండెల దాకా లాక్కుంటుంది.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"కోడలి నడుము ఎలా ఉంది?"

"తగ్గింది."

"పనులు మానుకుని ఎందుకురా ఇన్నిసార్లు రావడం."

ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టే అడుగుతోంది. అతనూ చుట్టంలాగే బదులిస్తున్నాడు.

ఓ రోజు ఇంట్లో భార్య, ఖాళీ మంచం తీసేయనా అంది. ఆ గదిలో కాలు పెట్టే చోటు కూడా లేదు మరి. డ్రైవరు డ్యూటీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"తీసెయ్యి" అని, ఆమె చూడకుండా ముఖం తిప్పుకున్నాడు.