ఎడమ పక్క గీతలు

మాస్టారిది ఒకటే పట్టు. మెదడులో కుడివైపు దెబ్బతిని నెల తిరిగిందో లేదో, "సంతకం పెట్టు పిల్లా, నా కారు నేనే నడుపుకుంటా" అని శిష్యురాలి ప్రాణం తోడేస్తున్నాడు. ఆ శిష్యురాలు ఇప్పుడు ఆసుపత్రిలో మనుషుల ధ్యాసను పరీక్షించే డాక్టరమ్మ. కాదంటే ఆయన మనసు విరుగుతుంది, ఔనంటే రోడ్డు మీద ఎవరి ప్రాణమో పోతుంది.

కళ్లు బానే ఉన్నాయి మహానుభావుడికి. ధ్యాసే ఎడమకు తిరగదు, తిరగడం లేదని ఆయనకే తెలీదు.

ఆయన నేర్పిన పరీక్షే తెర మీద పెట్టింది. పచ్చ గీతల్లో ఎర్రదొక్కటే ఉంటే, గుంపు ఎంతున్నా మామూలు మనిషికి చటుక్కున కంటబడుతుంది. అదే ఎర్ర అడ్డగీతలూ పచ్చ నిలువుగీతలూ కలిపేసి, అందులో ఎర్ర నిలువుగీతను పట్టుకోమంటే వెతుక్కోవాలి, గుంపు పెరిగేకొద్దీ టైం పెరుగుతుంది. కిటికీల్లేని ఆ పాత ల్యాబులో ఈ గీతలతోనే కదా వాళ్ల రోజులన్నీ గడిచింది! చల్లారిన టీలు, ఆయన చీవాట్లు, ఆ వెంటనే పకపకలు. ఎంత హాయి రోజులవి!

ఆ ఎర్ర నిలువుగీత ఎడమనున్న ప్రతిసారీ ఆయన "లేదు" బటనే నొక్కాడు.

"ఆ గీత లేని బొమ్మలు బాగా కలిపావే!" అని మురిసిపోయాడు. "ఊరికే 'ఉంది' అని నొక్కేవాళ్లను పట్టడానికి అలా కలపమన్నది నేనే!"

ఆమె పరీక్ష ఆపింది. ఫలితాల కాగితం ఆయన కుడిచేతి వైపు పెట్టింది.

"కుడివైపు గీతలు పెంచితే టైం పెరిగింది. ఎడమ రెట్టింపు చేసినా పెరగలేదు. ఇది ఎవరిదో చెప్పకుండా ఇస్తే ఏమనేవారు మాస్టారూ?"

"కంప్యూటర్ పాడై చచ్చిందనేవాణ్ణి!" కసిరాడు. కానీ చూపు కాగితం వదల్లేదు. మెల్లగా అన్నాడు, "ఎడమవి అసలు వెతకనేలేదు అనేవాణ్ణి."

ధ్యాసంటే ఇంట్లో ముగ్గురు మనుషులని ఆయనే చెప్పేవాడు. ఒకరు తట్టి లేపుతారు, ఒకరు అటు చూడమని మొహం తిప్పుతారు, ఒకరు పోట్లాటలు తీర్చి పగ్గాలు పడతారు. తిప్పే మనిషికి జబ్బు చేసినా, లేపే మనిషిని కేకేస్తే కాస్త సాయమొస్తుంది. ఆమె ఈసారి ప్రతి బొమ్మకూ ముందు "టంగ్" మని చప్పుడు పెట్టింది.

టంగ్. ఎడమనున్న ఎర్ర నిలువుగీత దొరికింది! ఆయన మొహం ఇంకా ఎడమకు జరిగింది. అక్కడ కుర్చీలో భార్య.

"నువ్వెప్పుడొచ్చావే?"

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నానండీ. పరీక్షప్పుడు మాట్లాడొద్దందని ఊరుకున్నా." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతలోనే చూపు కుడికి జారిపోతోంది.

"నడపకూడదని రాసెయ్ పిల్లా," అన్నాడు. "రాసి, ఆ చప్పుడు ఇంకోసారి పెట్టు. మా ఆవిణ్ణి చూడాలి."