వెలుగు పడిన మూల

సూదమ్మ అసలు పేరు ఏదో ఉంది గానీ, ముప్ఫై ఏళ్లు కుట్టుమిషను తొక్కాక ఆ పేరుతో పిలిచేవాళ్లు మిగల్లేదు. కొడుకు, కోడలు ఉంటున్న ఊరికి వచ్చి ఐదు నెలలైంది. అక్కడి మాట ఆమెకు రాదు, అక్కడి అక్షరమూ రాదు. తెలుగు మాత్రం ఏ మూలనున్న చిన్న అచ్చయినా కళ్లద్దాలు పైకి తోసి మరీ చదువుతుంది.

పై అంతస్తులో ఉండే ఆవిడ ఒకరోజు చిరిగిన కోటు పట్టుకుని మెట్లు దిగింది. సూదమ్మ పాత అస్తరు విప్పేసి, కొత్తది కోసి, కుట్టు ఎక్కడుందో తెలియకుండా వేసి ఇచ్చింది. ఆవిడ పనిచేసేది నాటకాల దుస్తులు తయారుచేసే కార్ఖానాలో. కోటును అక్కడి పెద్దావిడకు చూపించింది. రెండో రోజే కబురు వచ్చింది: మా దగ్గరికి రండి, చేతికుట్టు తెలిసినవాళ్లు మాకు దొరకడం లేదు.

ఆ మాట రాత్రి భోజనాల దగ్గర చెప్పేసరికి కొడుకు చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"మన ఇంటికేం తక్కువైందమ్మా? నువ్వు పనికి వెళ్లడమేంటి?"

"తక్కువైందని కాదురా. చేతులు ఊరుకోవడం లేదు."

"సరే, ఎలా వెళ్తావు? ఊరికి ఆ వైపున అది. రెండు మెట్రోలు మారాలి. బోర్డు చదవలేవు, దారి అడగలేవు. పై ఆవిడతో వెళ్దామంటే ఆవిడది మధ్యాహ్నం షిఫ్టు. నాకా సెలవు దొరకదు. తప్పిపోతే నిన్ను ఎక్కడని వెతకను?"

"తప్పిపోతే తిరిగొస్తాను. నేనేమన్నా తప్పిపోయిన మేకపిల్లనా?"

"వద్దంటే వద్దు" అన్నాడు కొడుకు.

సూదమ్మ కంచం ఎత్తింది. ఇంకేం మాట్లాడలేదు. ఆమె మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టు కాదని కోడలికి తెలుసు, కొడుక్కి ఇంకా తెలియదు.

మర్నాడు సూదమ్మ వీధి చివరి స్టేషన్‌కు నడిచి వెళ్లి, గోడ మీదున్న పెద్ద మెట్రో మ్యాపుకు ఫోనుతో ఫొటో తీసుకొచ్చింది. లైన్లు వారం కిందటే మార్చారు. మ్యాపు కొత్తది. నెట్‌లో మాత్రం ఇంకా పాతదే ఉంది.

కోడలు మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చే పని చేస్తుంది. ఇంట్లో కిటికీ పక్క బల్లే ఆమె ఆఫీసు. అత్తగారు ఫోను తెచ్చి ఆ బల్ల మీద పెట్టింది.

"ఇది తెలుగు చెయ్యి, అమ్మాయ్."

"ఫోనే చేస్తుంది కదత్తయ్యా, చూడండి" అని కోడలు ఒక మీట నొక్కింది. క్షణంలో మ్యాపు నిండా తెలుగు అక్షరాలు మొలిచాయి. సూదమ్మ కళ్లద్దాలు పైకి తోసి చదవడం మొదలుపెట్టింది.

"ఉప్పు సందు. మూడు గాడిదలు. అత్త వంతెన." ఆమె తలెత్తింది. "ఇదేం ఊరే? గాడిదల దగ్గర రైలాగుతుందా?"

కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. "అవన్నీ స్టేషన్ల పేర్లత్తయ్యా. ఫోను వాటికీ అర్థాలు చెప్పేసింది."

"అర్థం నాకెందుకు? రైల్లో అరిచేవాడు మూడు గాడిదలని అరుస్తాడా?"

కోడలి నవ్వు ఆగింది. అత్తగారు అడిగింది సరైన ప్రశ్నే. రైల్లో చెప్పే పేరు, ప్లాట్‌ఫాం మీద రాసి ఉండే పేరు, మ్యాపు మీది పేరు ఒకటే అయితేనే కొత్త మనిషికి దారి దొరుకుతుంది. అందుకే కోడలు ఫోను చేసిన తెలుగంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. స్టేషన్ల పేర్లూ లైన్ల పేర్లూ అక్కడివాళ్లు పలికినట్టే తెలుగక్షరాల్లో రాసింది. అక్కడి అచ్చు చెరపకుండా, తన తెలుగును దాని కిందే పెట్టింది, రెండూ పోల్చి చూసుకోవడానికి. సూచనలకు మాత్రం అర్థం రాసింది.

మారే స్టేషన్ దగ్గర గీత తెగి చుక్కలుగా ఉంది. "ఇక్కడ లోపలి నుంచి దారి లేదత్తయ్యా. ఆకుపచ్చ లైను దిగి, గేటు దాటి బయటికొచ్చి, వీధి దాటి నీలం లైను స్టేషన్లోకి వెళ్లాలి. అదే టికెట్టు చెల్లుతుంది. గేటు దాటాం కదా అని పారేయకండి."

"ఈ రంగు రంగు వలయాలేంటి?"

"చార్జీల మండలాలు. ఊరి మధ్యది ఒకటి. బయటికి పోయేకొద్దీ రెండు, మూడు, నాలుగు. మనం మూడులో ఉన్నాం. మీరు దిగేది రెండులో, ఊరికి అవతలి వైపు. దారి ఒకటో మండలంలోంచే పోతుంది కాబట్టి టికెట్టు ఒకటి, రెండు, మూడుకి తీసుకోవాలి. నాలుగులోకి పోయారంటే ఇది చెల్లదు."

సూదమ్మ గుడ్డ కొలత విన్నట్టు విన్నది. తర్వాత మ్యాపు కింది మూల మీద వేలు పెట్టింది. అక్కడ తెలుగు ముక్క లేదు. స్టేషన్ దీపం పడి అచ్చంతా తెల్లగా అలుక్కుపోయింది. దాని పక్కన కోడలు చిన్నగా రాసింది: ఇక్కడ ఫొటోలో వెలుగు పడింది. చదవలేకపోయాను.

"ఫోను ఇక్కడ కూడా ఏదో రాసిందే. అన్ని రైళ్లూ ఆగును అని."

"అది ఊహించి రాసింది. కనపడనిదాన్ని నేను రాయనత్తయ్యా. మందుల కాగితాల్లో అలా రాస్తే మనుషులు పోతారు."

సూదమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. "మంచిది. తెలియని చోట తెలియదని రాశావు. మిగతాదంతా నమ్ముతాను."

సోమవారం ఉదయం సూదమ్మ చీర మీద స్వెట్టరు వేసుకుని, సంచిలో తన కత్తెరా, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే అంగుస్తానూ పెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. కొడుకు కాఫీ కప్పుతో అడ్డంగా నిలబడ్డాడు.

"నేను తీసుకెళ్లను. ముందే చెప్పాను."

"నేను అడగలేదుగా. కాస్త జరుగు."

అతను జరిగాడు. గుమ్మం దిగి నాలుగడుగులు వేసి తిరిగొస్తుందనుకున్నాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, కాఫీ తాగకుండానే ఆఫీసుకు పోయాడు.

ఆకుపచ్చ లైను తేలిగ్గానే గడిచింది. రైలు ఆగిన ప్రతిచోటా బోర్డు మీది అచ్చును మ్యాపు మీది అచ్చుతో పోల్చుకుంది. అరుపులో వినపడే పేరు, తెలుగులో ఉన్న పేరు అతికినట్టు సరిపోతుంటే ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. మారే స్టేషన్లో దిగి, గేటు దాటి, టికెట్టు గుప్పిట్లో పట్టుకుని వీధిలోకి వచ్చింది. జనం ఏరులా పోతున్నారు. ఎదురుగా నీలం రంగు గుర్తు. వీధి దాటి అవతలి గేటుకు టికెట్టు తాకించింది. అది తెరుచుకుంది. ఎవరో తనకే తలుపు తీసి పట్టుకున్నట్టనిపించి, ఆ ఇనప గేటుకు తలూపి మరీ లోపలికి వెళ్లింది.

నీలం లైను ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి రైలు కూతవేటులో ఉంది. కానీ ఆమె అడుగు పడలేదు. గోడ మీద ఇదే మ్యాపు, ఇదే కింది మూల. ఇక్కడ వెలుగు పడలేదు. అచ్చు శుభ్రంగా ఉంది, దాని పక్కన రెండు గుర్తులున్నాయి: ఒకటి నిండుగా నల్లగా ఉన్న చుక్క, ఒకటి లోపల ఖాళీగా ఉన్న గుండ్రం. నీలం గీత మీద చూసింది. కొన్ని స్టేషన్లకు నల్ల చుక్క. తను దిగాల్సిన స్టేషన్‌కు ఖాళీ గుండ్రం. గుండీకీ కాజాకీ ఉన్నంత తేడా. ఊరికే పెట్టరు.

రైలు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. సూదమ్మ ఎక్కలేదు. ఆ మూలకు దగ్గరగా, దీపం మెరవకుండా పక్కకు వంగి, ఫొటో తీసి కోడలికి పంపింది. జనం ఆమెను రాసుకుంటూ పోయి ఎక్కారు. ఒకాయన తలుపు చూపిస్తూ, ఎక్కమ్మా అన్నట్టు చెయ్యూపాడు. ఆమె కుదరదన్నట్టు తలాడించింది. రైలు వెళ్లిపోయింది.

ఫోను మోగింది. కోడలు కాదు, కొడుకు.

"ఎక్కడున్నావమ్మా?"

"నీలం లైను దగ్గర."

"రైలు ఎక్కావా?"

"వచ్చిందాన్ని వదిలేశాను."

"వదిలేశావా! చూశావా, నేనేమన్నాను? నీకు అర్థం కావడం లేదు. అక్కడే నిలబడు, నేను పర్మిషన్ పెట్టి వచ్చి ఇంటికి తీసుకెళ్తాను. నీ కోడలు రాసిచ్చిన మ్యాపు పట్టుకుని ఊరంతా తిరుగుతావా? అందులో సగం చదవలేకపోయానని తనే రాసుకుంది!"

సూదమ్మకు ఒళ్లు మండింది. "ఒరేయ్, విను. అమ్మాయి చదవలేకపోయానని రాసింది కాబట్టే నేనిక్కడ ఆగాను. అంతా తెలిసినట్టు రాసుంటే గుడ్డిగా ఎక్కేసేదాన్ని. నాకు అర్థమవుతోంది. కాకపోతే అడుగుతాను. నువ్వు వచ్చి నన్ను సంచీలా మోసుకుపోనక్కర్లేదు."

"అమ్మా—"

"నీకు మొదటిరోజు స్కూలు గేటు దగ్గర ఏడుపొస్తే, నేనేమైనా ఇంటికి తెచ్చేశానా? పెట్టేయ్. అమ్మాయి దగ్గర్నుంచి ఏదో వచ్చింది."

ఆమే పెట్టేసింది. కోడలు రాసింది: "అత్తయ్యా, ఉదయం రద్దీ వేళ నీలం లైనులో వేగం బండ్లుంటాయి. అవి నల్ల చుక్క ఉన్న స్టేషన్లలోనే ఆగుతాయి. మీ స్టేషన్ది ఖాళీ గుండ్రం. వేగం బండి ఎక్కితే మిమ్మల్ని దాటించి నాలుగో మండలంలో దింపుతుంది. బండి ముందు ఎర్ర గీత ఉంటే ఎక్కొద్దు. లేనిది ఎక్కండి."

వెళ్లిపోయిన బండి ముందు ఎర్ర గీత ఉందో లేదో సూదమ్మ చూడలేదు. తర్వాత వచ్చినదానికి ఉంది. దాన్నీ పోనిచ్చింది. పక్కన నిలబడ్డ యూనిఫాం మనిషి ఏదో అడిగాడు, ముఖం చూస్తే సాయం చేద్దామనే అడిగినట్టుంది. ఆమె ఫోనులో తను దిగే స్టేషన్ మీద వేలు పెట్టి, ఆ పేరు గట్టిగా, అక్షరం మింగకుండా పలికింది. అతని ముఖం విచ్చుకుంది. తర్వాతి బండి అన్నట్టు వేలు చూపించాడు. దానికి ఎర్ర గీత లేదు.

కార్ఖానాకు కాస్త ఆలస్యంగానే చేరింది. పెద్దావిడ గడియారం వైపు చూసింది. సూదమ్మ క్షమాపణగా నవ్వలేదు, సంజాయిషీ వెతకలేదు. సంచిలోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టి, ఎదురుగా బొమ్మకు తొడిగిన రాణి అంగీ దగ్గరికి నడిచింది. భుజం దగ్గర కుట్టు లాగేసి ముడతలు పడుతోంది. వేలితో చూపించింది. పెద్దావిడ ఇంకో మాట అనకుండా కుర్చీ జరిపింది. సాయంత్రానికి ఆ భుజం ముడత లేకుండా నీళ్లు జారినట్టు జారింది.

తిరుగు ప్రయాణంలో వేగం బండ్ల గొడవ లేదు. ఇల్లు చేరేసరికి కొడుకు మూతి ముడుచుకుని కూర్చున్నాడు. కోడలు కొత్త ఫొటోలోని మూలను మ్యాపులో అతికిస్తోంది. అంతా భోజనానికి కూర్చున్నాక అతను అడిగాడు.

"రేపు కూడా వెళ్తావా?"

"రేపూ వెళ్తాను, ఎల్లుండీ వెళ్తాను."

"అయితే గురువారం నేను సగంరోజు సెలవు పెడతాను. ఆ దారేదో నేనొకసారి చూడాలి. నాకు మాత్రం భయం ఉండదా అమ్మా?"

సూదమ్మ అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"ఉంటుంది. రా, చూపిస్తాను. కానీ ముందు నేను నడుస్తాను. నువ్వు నా వెనకాల రావాలి. నేను వద్దన్న బండి ఎక్కావంటే నాలుగో మండలంలో నువ్వే దిగి, నువ్వే తిరిగి రావాలి. నేను వెతకను."