ముందు ఎవరు రాయాలి

ఆ ఇంట్లో వైద్యం చదివినవాళ్ళు ఇద్దరున్నారు. వైద్యం చేయడానికి అనుమతి ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మొగుడూ పెళ్ళాలిద్దరూ పరాయి దేశంలో ఒకే కాలేజీలో చదివి పట్టాలు తెచ్చుకున్నారు. సొంత దేశంలో ప్రాక్టీసు పెట్టాలంటే లైసెన్సు పరీక్ష గట్టెక్కాలి. ఉద్యోగాలు చేసుకుంటూనే ఇద్దరూ కలిసి ఒకసారి రాశారు. కలిసే తప్పారు.

అతన్ని ఇంట్లో చంటి అని పిలిచేవారు. ఆ పేరు కాలేజీ దాకా వెంటపడి వచ్చింది. ఆమెను హాస్టల్లో పంతులమ్మ అనేవారు, ఏది తెలిసినా పక్కవాళ్ళకు చెప్పందే నిద్రపోదని. ఇప్పుడు చంటి రక్తపరీక్షల యంత్రాలు అమ్మే కంపెనీలో పనిచేస్తూ, పొద్దస్తమానం బండి మీద ల్యాబుల చుట్టూ తిరుగుతున్నాడు. పంతులమ్మ ఒక బీమా కంపెనీలో కూర్చుని ఆసుపత్రులు పంపే డిశ్చార్జి కాగితాలు చదువుతుంది. రోగి జబ్బుకీ చేసిన వైద్యానికీ పొంతన ఉందో లేదో చూడటం ఆమె పని.

పరీక్ష తప్పాక ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఈసారి ఒకరు రాయాలి, ఒకరు ఇల్లు మొయ్యాలి. రాసేది చంటి అని ఎవరూ తేల్చలేదు. ఎవరూ అడగలేదు కూడా. అదంతటదే అలా అయిపోయింది.

చంటి ప్లాను వేసి గోడకు అంటించాడు. ఆఫీసు నుంచి వచ్చాక రోజూ ఐదు గంటలు, సెలవు రోజున పన్నెండు. మొదటి వారమే ఒక ల్యాబులో యంత్రం మొరాయించి రెండు సాయంత్రాలు పోయాయి. పోయిన గంటల్ని మర్నాటికి నెట్టాడు, మర్నాటివి ఆ పైరోజుకు. నెలాఖరుకు బాకీ కొండంత పెరిగి, గోడ వైపు చూడటమే మానేశాడు.

"ముందు మనకెంత వచ్చో తెలుసుకోకుండా ఎంత చదవాలో ఎలా తెలుస్తుంది?" అంది పంతులమ్మ ఒకరోజు. "అసలు పరీక్షలాగే ఒక నమూనా పేపరు రాసి చూడు. పొద్దున ఒక భాగం, మధ్యాహ్నం ఒక భాగం."

"ఒక్కణ్ణే కూర్చుంటే గంటకోసారి లేచి ఫ్రిజ్ తెరుస్తాను. నువ్వూ కూర్చో. తోడుకి."

అలా ఆదివారం బల్లకు ఆ చివరా ఈ చివరా కూర్చున్నారు. ఫోన్లు పక్కగదిలో పడేశారు. ఒక ప్రశ్న దగ్గర చంటి చాలాసేపు ఆగాడు. గుండెపోటుతో వచ్చిన మనిషి. రక్తపోటు పడిపోయింది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, ఊపిరితిత్తులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. చంటి నైట్రోగ్లిజరిన్ అని పెట్టాడు. పంతులమ్మ సెలైన్ అని పెట్టింది. సాయంత్రం జవాబులు చూస్తే ఆమెదే సరి.

"గుండె కుడివైపు దెబ్బతిన్నప్పుడు నైట్రోగ్లిజరిన్ ఇస్తే బీపీ ఇంకా పడిపోతుంది," అంది ఆమె, అలవాటుగా. "మొన్ననే ఇలాంటి ఫైలు ఒకటి చూశాను."

మొత్తం కూడితే ఆమె పాసు గీతకు కాస్త కింద ఆగింది. అతను చాలా కింద ఉన్నాడు.

"ఊరికే గుడ్డిగా పెట్టాను, తగిలాయి," అంది పంతులమ్మ వెంటనే.

"అన్నీనా?" అన్నాడు చంటి. ఆ రాత్రీ, మర్నాడూ, ఆ పై మర్నాడూ అవసరమైనంతే మాట్లాడాడు. తప్పు చేసినదానిలా పంతులమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా తోముకుంది.

మూడోనాటి సాయంత్రం ఆమె ఆఫీసు గేటు దగ్గర చంటి బండి వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ రానివాడు.

"దరఖాస్తు గడువు ఇంకా ఉంది," అన్నాడు, ఆమె చేతికి హెల్మెట్ ఇస్తూ. "నువ్వు పెట్టు."

"మీ అమ్మగారికేం చెప్తావు? నా కొడుకు రాస్తున్నాడని అందరికీ చెప్పుకున్నారు."

"అది తర్వాత. నువ్వు నాలుగేళ్ళుగా రోజూ జబ్బులు చదువుతున్నావు. నేను యంత్రాలకు నూనె పోస్తున్నాను. నాకు బాధగా లేదని అబద్ధం చెప్పను. బాధగానే ఉంది. అయినా లెక్క లెక్కే. నువ్వు గట్టుకు దగ్గరగా ఉన్నావు. నేను నది మధ్యలో ఉన్నాను."

పంతులమ్మ బండి ఎక్కలేదు. "నేను కూడా తప్పితే?" అంది.

"తప్పితే తప్పుతావు. ఎక్కు, వెనక కారువాడు హారన్ కొడుతున్నాడు."

తల్లికి చంటే ఫోన్ చేశాడు. ఆవిడ అంది, "ఒరేయ్, ఇద్దరిలో ఎవరో ఒకరు డాక్టరైతే నా మోకాళ్ళు చూస్తారు కదరా. అమ్మాయి చెయ్యి నెమ్మది, నీది మొరటు. కానివ్వండి."

గోడ మీది ప్లాను చించేశారు. ఈసారి గంటల దగ్గర మొదలుపెట్టలేదు, తప్పుల దగ్గర మొదలుపెట్టారు. నమూనా పేపరులో పంతులమ్మ తప్పినవన్నీ తీసి చూస్తే సంగతి తేటతెల్లమైంది. జనరల్ మెడిసిన్, సర్జరీ, ఆమె ఫైళ్ళలో రోజూ కనిపించేవి, బాగానే ఉన్నాయి. ఫైళ్ళలో ఎన్నడూ కనిపించని అనాటమీ, బయోకెమిస్ట్రీ, టీకాలూ గణాంకాలూ ఉండే కమ్యూనిటీ మెడిసిన్ అడుగంటిపోయాయి. కమ్యూనిటీ మెడిసిన్‌కు మార్కులు ఎక్కువ, చదివితే త్వరగా చేతికొచ్చేది. దాన్ని ముందుకు తెచ్చారు.

పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కవేశారు. చివరి రెండు వారాలు కొత్తదేదీ చదవకూడదు. వాటికోసం ఆఫీసు సెలవులు దాచుకోవాలి. మిగిలిన వారాల్లో, తల తేలిగ్గా ఉండే పొద్దుటి పూట ఆఫీసుకు ముందు కొత్త ప్రశ్నలు. బస్సులో నిన్నటి తప్పులు. సాయంత్రం అలసట మీద వారం కిందటివి, నెల కిందటివి తిరగేయడం, అంతే. ఆదివారం పొడుగు పేపరు. వారానికొక సాయంత్రం పూర్తిగా ఖాళీ. ఏదైనా జారిపోతే ఆ సాయంత్రంలో పడుతుంది, జారకపోతే విశ్రాంతి.

"ఖాళీ ఎందుకు, అందులో ఫార్మకాలజీ పెట్టుకోవచ్చుగా?" అన్నాడు చంటి.

"నువ్వు పెట్టుకున్నావుగా. ఏమైంది?"

చంటి నవ్వేశాడు. ఆ ఆదివారం తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి.

ఇల్లు చంటి చేతికి వచ్చింది. అన్నం ఒకరోజు గంజి, ఒకరోజు రాళ్ళు. అవి సర్దుకున్నాయి కానీ, మనసు అంత త్వరగా సర్దుకోలేదు. ఒక సాయంత్రం అతను బట్టలు ఆరేస్తుంటే లోపల ఆమె ఏదో పైకి వల్లె వేసుకుంటోంది. "అది నేనూ చదివాను తెలుసా! ఆ పుస్తకం నాదే!" అని అరిచి, తన అరుపుకు తానే ఉలిక్కిపడ్డాడు. పంతులమ్మ బయటికి వచ్చింది. బకెట్‌లోంచి తడి దుప్పటి రెండో కొస అందుకుంది. ఇద్దరూ కలిసి పిండారు.

సగం దారిలో ఆమె మార్కులు పడిపోయాయి. వరుసగా రెండు ఆదివారాలు. "ఉద్యోగం మానేస్తాను. ఇలా కాదు," అంది పుస్తకం మూసేసి.

"మానేద్దువు గాని. ముందు ఏవి తప్పాయో చూద్దాం," అన్నాడు చంటి.

చూస్తే తెలియక తప్పినవి తగ్గాయి. తెలిసీ తప్పినవి పెరిగాయి. 'కానిది ఏది' అని అడిగితే 'అయినది' పెట్టింది. అవన్నీ మధ్యాహ్నం భాగంలోవే. రెండు భాగాల మధ్య విరామంలో పంతులమ్మ వారం బట్టలు ఇస్త్రీ చేస్తోందని అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. ఆ పై ఆదివారం నుంచి చంటి ఇస్త్రీపెట్టె బీరువాలో పెట్టి తాళం వేశాడు. విరామంలో ఆమె ఏదో కొంచెం తిని, వీధి చివరిదాకా నడిచొచ్చేది. మార్కులు గీత దాటి పైన నిలబడ్డాయి. ఉద్యోగం మాట మళ్ళీ రాలేదు.

సెలవుల మాట వచ్చింది. పరీక్ష విషయం ఆఫీసులో ఎవరికీ చెప్పలేదామె. పోయేదానికి పని ఎందుకు నేర్పాలి అనుకుంటారేమోనని భయం. ఇక దాచి లాభం లేదని, పరీక్ష రెండు నెలలుందనగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. మేనేజరు పెద్దావిడ, కళ్ళద్దాల మీదుగా చూసే అలవాటు.

"రెండు వారాలా? సరిగ్గా లెక్కలు ముగిసే రోజుల్లో?"

"అవును మేడమ్. తేదీ నా చేతిలో లేదు."

"పాసైతే వెళ్ళిపోతావు కదా?"

"వెళ్ళిపోతాను మేడమ్. ఏడాది ఇంటర్న్‌షిప్ చెయ్యాలి."

మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇక్కడ చెప్పి పోయేవాళ్ళు తక్కువ. ఒకరోజు కుర్చీ ఖాళీగా కనిపిస్తుంది, అప్పుడు తెలుస్తుంది నాకు. సరే. సెలవిస్తాను, కానీ మధ్యలో మూడు రోజులు రావాలి. అవి మాత్రం వదలలేను."

చంటికి కోపం వచ్చింది, పంతులమ్మకు రాలేదు. సెలవును రెండు ముక్కలు చేసుకుంది. ముందు ముక్కలో పెద్ద సబ్జెక్టులు ఒకసారి చుట్టివచ్చింది. ఆఫీసుకు వెళ్ళిన మూడు రోజులూ తన తప్పుల్ని మాత్రమే చదివింది. రెండో ముక్కలో పొడుగు పేపర్లు రెండు రాసి, ఆఖరి రోజు పెందలాడే పడుకుంది.

పరీక్ష కేంద్రం బయట చంటి రోజంతా బండి మీద కూర్చున్నాడు. సాయంత్రం బయటికొచ్చిన పంతులమ్మ, "ఏదీ వదల్లేదు. తప్పుకు మార్కులు పోవు కదా, అన్నిటికీ ఏదో ఒకటి పెట్టాను," అంది.

ఫలితం వచ్చిన రోజు ఆమె ఆఫీసులో ఉంది. చంటి ఒక ల్యాబులో యంత్రం కింద బోర్లా పడుకుని ఉన్నాడు. ఫోన్లో ఆమె ఏడుపు విని ముందు తప్పిందనుకున్నాడు. "పాసయ్యానురా!" అని వినపడ్డాక అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. సంతోషమే. ఆ వెనకనే సన్నగా, పదునుగా ఇంకోటి కూడా వచ్చి కూర్చుంది. దాన్ని అతను ఈసారి అరిచి బయటపెట్టలేదు, లేదని బుకాయించుకోనూ లేదు.

ఇంటర్న్‌షిప్ మొదలైంది. పంతులమ్మ డ్యూటీలకు పగలూ రాత్రీ తేడా లేదు. ఇంట్లో నికరమైన జీతం ఇప్పుడు చంటిదొక్కటే. ఇక పరీక్ష రాసే వంతు అతనిది, కానీ ఆమె ప్లాను అతనికి పనికిరాదు. ఆమెలా బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగం కాదతనిది. కంపెనీవాళ్ళతో మాట్లాడి, దూరపు ల్యాబులు తగ్గించమన్నాడు. సగం తగ్గించారు. యంత్రం తనను తాను సరిచూసుకునేటప్పుడు అతను పక్కన ఊరికే నిలబడాల్సిన సమయం చాలా ఉంటుంది. ఆ సమయాన్ని ప్రశ్నలకు ఇచ్చాడు.

ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి పంతులమ్మ రాత్రి డ్యూటీ చేసి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద అడ్డంగా పడి నిద్రపోతోంది. చంటి ఆమె చెప్పులు తీసి మంచం కిందికి నెట్టి, పక్కన కుర్చీలో కూర్చుని ప్రశ్నలు తెరిచాడు. ఒకటి బొత్తిగా కొరుకుడు పడలేదు. లేపితే ఆమె కళ్ళు మూసుకునే చెప్పేస్తుంది. లేపలేదు. తనకు తోచింది పెట్టాడు. తప్పయింది. ఎందుకు తప్పో మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళాడు.