రింగు మూతి సందు

ప్రెస్సు వెనకగదిలో స్టూలు మీద కూర్చుని ఆమె చివరి ప్రూఫులు చూస్తోంది. లాంచీ ఇంజన్ ఓవర్‌హాల్ గైడుకి తెలుగు అనువాదం, నూట ఎనభై పేజీలు, ఏడు నెలల చాకిరీ. ఆ పని అప్పజెప్పిన రోజున ఆమెకు ఇంజను గురించి ఓనమాలు కూడా తెలియవు. "మీ బాబాయ్ లాంచీల షెడ్డులో హెడ్ మెకానిక్కే కదమ్మా, ఆయన్ని అడుగుతూ రాసెయ్యండి" అన్నారు మెకానిక్కుల శిక్షణ కేంద్రం వాళ్లు.

పిన్ని భర్త అయినా బాబాయ్ ఆమెను సొంత కూతురికన్నా ఎక్కువగా చూసుకునేవాడు. విసుక్కోకుండా చెప్పాడు. "పదిహేడు చెంబుల గాలిని ఒక్క చెంబులోకి కుక్కావనుకో, కాలిపోయేంత వేడెక్కుతుందా లేదా? అదే కంప్రెషన్ రేషియో. మనదాంట్లో పదిహేడుకి ఒకటి." వాల్వు టైమింగ్ దగ్గర మాత్రం భయపెట్టాడు. ఇన్‌లెట్ వాల్వు పిస్టన్ పైకొస చేరకముందే తెరుచుకోవాలి, ఎగ్జాస్ట్ వాల్వు పైకొస దాటాక మూసుకోవాలి. "నువ్వు ముందు, తర్వాత అటూ ఇటూ చేశావంటే వాల్వు పోయి పిస్టన్‌కి కొట్టుకుంటుంది. వంగిన వాల్వులు నీ ఇంటికే పంపిస్తా." ఆ పేజీలను ఆమె నాలుగుసార్లు సరిచూసుకుంది. ఇవాళ అయిదోసారి కూడా చూసి, తప్పు లేదని తేల్చుకుని, పేజీ తిప్పింది.

నూట పన్నెండో పేజీలో పిస్టన్ రింగుల పట్టిక ఉంది. "రింగు ఖాళీ: 0.05 నుంచి 0.10 మి.మీ." అని ఒకే ఒక్క వరుస.

ఆమె మూల పుస్తకం తీసింది. అందులో రెండు వరుసలున్నాయి. రింగును సిలిండర్లో కూర్చోబెడితే దాని రెండు కొసల మధ్య ఉండాల్సిన ఎడం ఒకటి, 0.40 నుంచి 0.60. పిస్టన్ గాడిలో రింగుకి పైనా కిందా ఉండాల్సిన సందు రెండోది, 0.05 నుంచి 0.10. మొదటిదాన్ని షెడ్డులో అందరూ రింగు మూతి అంటారు. మూతి అనే మాట పుస్తకంలో మోటుగా ఉంటుందని ఆమె రెండింటికీ ఖాళీ అని పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. నెల కిందట బస్సు ఎక్కబోతుంటే కంపోజింగ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడమ్, రింగు ఖాళీ అని రెండు లైన్లు పడ్డాయి, ఒకటి తీసేనా?" ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, "తీసెయ్" అంది.

తీసేశాడు. పోయింది మూతి వరుస.

ఆ ప్రతినే పది రోజుల కిందట షెడ్డుకి పంపారు. రెండో లాంచీకి కొత్త మోడల్ ఇంజను వచ్చాక ఈ వారం జరిగిందే మొదటి ఓవర్‌హాల్, పూర్తిగా తెలుగు గైడు చూసి చేసింది. ట్రయల్ ఇవాళ పదకొండింటికి. గడియారంలో పది నలభై.

బాబాయ్‌కి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పనిలో ఉంటే ఆయన ఫోను టూల్ బాక్సులో పడి ఉంటుంది. సూపర్‌వైజర్ నంబరు ఎంగేజ్. ప్రూఫూ మూల పుస్తకమూ చంకన పెట్టుకుని రోడ్డు మీదకి పరుగెత్తి ఆటో ఎక్కింది. "రేవుకి పోనియ్ నాయనా, తొందరగా." దారంతా బాబాయ్ మాటే చెవిలో గింగురుమంటోంది. రింగు వేడెక్కితే సాగుతుంది, సాగడానికి చోటుండాలి. చోటు లేకపోతే కొసలు ఢీకొంటాయి, రింగు బయటికి ఉబ్బి సిలిండర్ గోడని గీరేస్తుంది, ఆఖరికి పిస్టన్ కదలకుండా పట్టేస్తుంది. నడి ఏట్లో ఇంజను పట్టేస్తే లాంచీ ఎటు పోతుందో ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

రేవులో లాంచీ ఇంజను నడుస్తోంది. అరవై మంది దాకా ఎక్కి కూర్చున్నారు. ట్రయల్‌కి జనాన్ని ఎక్కించకూడదు, కానీ మొదటి లాంచీ మూడు రోజులుగా మూలపడింది, అవతలి ఒడ్డున పనులున్నవాళ్లు ఊరుకోలేదు. లాంచీ నడిపే సరంగు అప్పటికే వెనక తాడు విప్పేశాడు.

"ఆపండి. ఇంజను ఆపండి" అంటూ ఆమె ఒడ్డు నుంచి వేసిన పలక మీదుగా లోపలికి వచ్చేసింది.

సూపర్‌వైజర్ అడ్డొచ్చాడు. "ఏంటమ్మా, ఏమైంది? అరగంట నుంచి నడుస్తోంది, పిసరంత పొగ లేదు."

"అది లోడు లేకుండా నడిచింది సార్. రింగుల లెక్క తప్పు పడింది. పుస్తకంలో తప్పు. నేనే చేశాను." ఆ చివరి మాట ఆమె నోట్లోనే అంది, రెండోసారి మళ్లీ అనాల్సి వచ్చింది.

జనంలో ఎవరో నవ్వారు. "పుస్తకంలో తప్పుంటే పుస్తకం దిద్దుకో తల్లీ, మమ్మల్ని పోనీ."

ఇంజను గది మెట్ల మీద బాబాయ్ తల కనిపించింది. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఆమెనే చూస్తున్నాడు. "రింగుల్లో ఏది?"

"మూతి, బాబాయ్. సున్నా పాయింట్ నలభై నుంచి అరవై ఉండాలి. అయిదు నుంచి పది గాడిలో సందుది."

ఆయన వెనక్కి తిరిగి కిందికి దిగి స్టాప్ లివర్ లాగేశాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో జనం గొణుగుడు పెద్దగా వినిపించింది.

"ఎవర్ని అడిగి ఆపావయ్యా?" అన్నాడు సూపర్‌వైజర్.

"నా చేత్తో పెట్టిన రింగులు సార్. మూతిలో ఫీలర్ గేజి రేకు పెడితే పదిహేను వచ్చింది. ఆకురాయి పట్టి ఎడం పెంచాల్సిందే అనుకున్నా. పుస్తకం చూస్తే పదే చాలంటోంది, సరేలే అని వదిలేశా." మెట్ల మీద కూలబడ్డాడు. "ముప్పయ్యేళ్ల నుంచి ముప్పైకి తక్కువ ఏనాడూ పెట్టలేదు. కొత్త మోడల్ కదా, లోహం వేరేమో అనుకున్నా. పైగా రాసింది మా పిల్ల."

ఆమె తల ఎత్తలేకపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

జనాన్ని దింపేశారు. దిగేవాళ్లలో ఒకామె ఆగి, "నిజంగా ఆగిపోయేదా మధ్యలో?" అని అడిగింది. ఆమె తలాడించింది. ఆ మనిషి చంటిబిడ్డని రెండో భుజానికి మార్చుకుని వెళ్లిపోయింది.

ఇంజను చల్లారాక హెడ్ విప్పి పిస్టన్లు బయటికి తీసేసరికి సాయంత్రమైంది. బాబాయ్ మొదటి పిస్టన్ పైరింగు తీసి వెలుతురులో పట్టుకున్నాడు. రెండు కొసలూ అద్దంలా మెరుస్తున్నాయి. లోడు లేని అరగంటకే ఒకదాన్నొకటి రాసుకున్నాయి. సూపర్‌వైజర్ ఆ రింగు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, తిరిగి ఇచ్చేశాడు. సిలిండర్ గోడకి ఇంకా గీత పడలేదు.

"ఈ పుస్తకం అచ్చుకి పోదు. ప్రతి అంకె ఇక్కడ, ఇంజను మీద కొలిచి చూశాకే" అన్నాడు సూపర్‌వైజర్.

"అలాగే సార్" అంది ఆమె.

రెండు రోజులు షెడ్డులోనే గడిచాయి. బాబాయ్ ఒక్కో రింగు కొసకి ఆకురాయి పట్టి, సిలిండర్లో దింపి, పిస్టన్ తలతో సమంగా నెట్టి, గేజి పెట్టి చూస్తాడు. ఆమె మూల పుస్తకంలోంచి అంకె చదువుతుంది. ఆయన తను కొలిచింది చెప్తాడు, ఆమె రాసుకుంటుంది. అంకెలు తప్ప ఇద్దరి మధ్యా వేరే మాట లేదు. అన్నం డబ్బా తెచ్చిన పిన్ని ఇద్దరి మొహాలూ చూసి, దాన్ని పక్కన పెట్టి వెళ్లింది.

మూడో రోజు ఖాళీ లాంచీ ఏట్లోకి వెళ్లింది. ఇంజను గదిలో బాబాయ్, ఎదురుగా పెట్టె మీద ఆమె. వడి ఎక్కువున్న చోట సరంగు పైనుంచి పూర్తి లోడు ఇచ్చాడు. నేల అదిరింది. ఆమె కళ్లు ఉష్ణోగ్రత ముల్లు మీదే ఉన్నాయి. అది లేస్తూ పోయింది, పచ్చగీత చివరికి వచ్చింది, అక్కడే నిలిచింది. పది నిమిషాలు. ఇరవై. బాబాయ్ ఆయిల్ ప్రెషర్ చూశాడు, పొగగొట్టం వైపు తొంగి చూశాడు, ఒళ్లు వంచి క్రాంక్ కేసు దగ్గర చెవి పెట్టాడు. గంట దాటాక కూడా ముల్లు కదల్లేదు.

ఆయన లేచి వచ్చి ఆమె పక్కన పెట్టె మీద కూర్చున్నాడు. ఆమె ఒళ్లో ఉన్న ప్రూఫుల కట్టని మోచేత్తో పొడిచాడు.

"నూట పదమూడో పేజీ చదువమ్మా. గట్టిగా చదువు, ఈ చప్పుడులో నాకు వినపడాలి."