తల తిప్పిన చోట కత్తెర

తెనాలిలో మా స్టూడియో పసిపిల్లల కార్టూన్లు తీస్తుంది. ప్రతి వీడియోనూ ముందుగా యజమాని విష్ణువర్ధన్ గారి రెండేళ్ల కూతురు లాస్యకు చూపిస్తాం. ఆ పిల్ల తల తిప్పిన చోటల్లా కత్తెర పడాలి. అదీ ఆయన పెట్టిన పద్ధతి.

నా బాతు వీడియోలో ఒక్కో షాటు ఎనిమిది సెకన్లు ఉంటుంది. బాతు మూడుసార్లు ఒకే దారిన వచ్చి, ఒకేలా నీళ్లలో మునిగి లేస్తుంది. నీటి చప్పుడు తప్ప వేరే మోత లేదు. మూడోసారి బాతు మునగకముందే లాస్య పక్కనున్న తల్లి సునీల గారి వైపు తిరిగి, "అమ్మా, బుడుంగ్!" అంది.

"చూశావా శ్రావ్యా, తల తిప్పేసింది. కోసెయ్," అన్నారు సార్.

"విసుగొచ్చి కాదండీ! తర్వాత ఏమవుతుందో తెలిసిపోయి వాళ్లమ్మకు చెబుతోంది. బాతు మునిగే ముందు ఆ ఖాళీ ఉంచిందే అందుకు!" అరిచినంత పని చేశాను.

"పిల్లలు కబుర్లు చెప్పుకోడానికా మనం తీసేది? కళ్లు తిప్పకూడదంతే."

పళ్లు నూరుకుంటూ కోశాను. షాటు ఒక్క సెకనుకు దిగింది. బాతు చుట్టూ మెరుపులు, ఈలలు, డప్పులు చేరాయి.

ఈసారి లాస్య కళ్లు తెరకు అతుక్కుపోయాయి.

"లాస్యా, బాతేం చేస్తోందమ్మా?" అని సునీల గారు అడిగారు. పిల్ల పలకలేదు. భుజం తట్టినా పలకలేదు.

"ఒక్కసారి కూడా తిప్పలేదు! ఇదే పెట్టెయ్," అన్నారు సార్ సంబరంగా.

సునీల గారు నవ్వుతూ వంగి, తెరకు అడ్డంగా తన మొహం పెట్టారు. లాస్య రెండు చేతులతో ఆ మొహాన్ని పక్కకు నెట్టేసింది.