ఫొటో కింద ఇంగ్లీషు లైను

ఫొటో తీయడానికి ఒక్క నిమిషం పట్టింది. దాని కింద రెండు ముక్కలు రాయడానికి నాకు మూడు గంటలు పట్టింది.

మా పెళ్లయి రెండేళ్లు. పార్కు బెంచీ మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్న ఫొటో. నిజం చెప్పాలంటే అందులో నాకన్నా మా ఆయనే బాగున్నారు. ముందు తెలుగులో "నా ప్రాణం" అని రాశాను. మావయ్యగారి తమ్ముళ్లు ముగ్గురూ చదువుతారని గుర్తొచ్చి కొట్టేశాను. "శ్రీవారు" అంటే మరీ శుభలేఖలా ఉంది. చివరికి "మా ఇద్దరికీ రెండేళ్లు నిండాయి. మీ దీవెనలు కావాలి" అని తేల్చాను. పెద్దవాళ్లెవరూ వేలెత్తి చూపలేరు.

అది చుట్టాలకి. మా ఆఫీసు వాళ్లకి ఇంగ్లీషులో ఇంకో లైను కావాలి. "టూ ఇయర్స్ విత్ మై ఇంజినీర్" అని రాసి, పక్కన ఎర్రగుండె పెట్టాను.

మా ఆయన లిఫ్టు మెకానిక్. లిఫ్టు ఆగిపోయి లోపల మనుషులు ఇరుక్కుంటే తాళాలు పట్టుకుని పరుగెత్తేది ఆయనే. కొత్తగా ఆఫీసులో చేరినప్పుడు, పక్క సీటావిడ "మీవారేం చేస్తారు?" అని అడిగితే, "లిఫ్టు కంపెనీలో ఇంజినీరు" అనేశాను. ఎందుకన్నానో అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. సిగ్గుపడ్డాను. అన్నం పెట్టే మనిషి పని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను.

పాము చావాలి, కర్ర విరక్కూడదు. అందుకని తెలుగు లైను పైన పెట్టి, దాని కింద వరసగా ఐదు చుక్కలు పెట్టి, ఇంగ్లీషు లైను అట్టడుగున పెట్టాను. "ఇంకా చూడండి" అన్నది నొక్కితే తప్ప కనపడదు. చుట్టాలు పై లైను చదివి దీవించి పోతారు, ఆఫీసు వాళ్లు కింది దాకా దిగుతారు. నా తెలివికి నేనే మురిసిపోయి, మా ఆయన్ని ట్యాగ్ చేశాను.

ఆయన ఫోన్లో పై లైను చూసుకుని, "భలే రాశావే!" అని ట్యాగ్‌కి ఒప్పుకుంటూ నొక్కారు. దాంతో ఆ పోస్టు ఆయన స్నేహితులందరికీ వెళ్లింది. చుట్టాల గురించి అంత ఆలోచించినదాన్ని, ఆయనతో పనిచేసేవాళ్ల గురించి ఆలోచించనే లేదు.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చి, సింకు దగ్గర చేతుల గ్రీజు కడుక్కుంటూ నిలబడ్డారు.

"ఇవాళ మావాళ్లు నాకు కుర్చీ వేశారు. కూర్చోండి ఇంజినీరు గారూ అని."

"సరదాకి అనుంటారు" అన్నాను.

"సరదాకే. అసలు ఇంజినీరు సారు కూడా అక్కడే ఉన్నారు. ఆయన మాత్రం నవ్వలేదు." కుళాయి కట్టేశారు. "పొద్దున ఆ ఫొటో అందరికీ చూపించింది నేనే. మా ఆవిడ ఎంత బాగా రాసిందో చూడండ్రా అని."

తల కొట్టేసినట్టయింది. ఆ లైను తీసేద్దామని ఫోను అందుకున్నాను. ఫొటో మీద ఆయన పేరు లేదు. ట్యాగ్ ఆయనే తీసేసుకున్నారు. కింద అత్తయ్య కామెంటు ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, "అనువాదం" అన్నది నొక్కడం వచ్చు. "బంగారు తల్లీ, మావాడు ఇంజినీరయ్యాడా! నాకు చెప్పనేలేదు. చాలా సంతోషం" అని రాశారు. ఆ కామెంటుకి అప్పటికే పదకొండు మంది లైకు కొట్టారు.

"అమ్మకి ఏం చెప్పమంటావు?" అన్నారాయన.

"నేనే చెప్తాను."

ఆయన లోపలి గదిలోకి వెళ్లారు. నేను ఫోను చేశాను. అత్తయ్య ఎత్తడంతోనే, "ఎప్పుడొచ్చిందే ప్రమోషను? పక్కింటావిడకి కూడా చెప్పాను" అన్నారు.

"ప్రమోషను కాదత్తయ్యా. ఆయన మెకానిక్కే. నేనే అలా రాశాను."

"అదేంటి? ఎందుకలా రాశావు?"

"మా ఆఫీసు వాళ్లు చూస్తారని."

నాలుగు చీవాట్లు పెడితే బాగుండును, ఏడ్చి తప్పించుకునేదాన్ని.

"వాడు చూశాడా?" అని అడిగారు.

"చూశారు."

"అయ్యో, నా తండ్రీ" అన్నారావిడ. ఆ మాట నాతో కాదు.